నూట నలభై స్లైడ్లు, ఒక్క గీత

ఫిజియాలజీ పరీక్షకు పది రోజుల ముందు వైద్య కళాశాల హాస్టల్ గదిలోకి వెళ్లి చూడండి. మంచం మీద లాంగ్ నోట్‌బుక్కు. అందులో కొన్ని పేజీలు నీటుగా, కొన్ని చివరి బెంచీలో ఉరుకులు పరుగులుగా రాసినవి, మరికొన్ని ఆ రోజు సెలవు పెట్టినందుకు ఖాళీగా వదిలేసినవి. ఫోనులో క్లాసు గ్రూపులోకి వచ్చిన పీపీటీలు. గ్యాలరీలో బోర్డు ఫోటోలు. ఒకే పాఠం మూడు చోట్ల మూడు ముక్కలుగా పడి ఉంటుంది. ఏ ముక్కతో మొదలుపెట్టాలో తెలియక ఆ రాత్రంతా స్లైడ్లు కిందికి జరుపుతూనే గడిచిపోతుంది.

2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఈ ఇబ్బందికి ఇంకో కారణం కూడా తోడైంది. మహబూబాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో మొదలైంది. జనగామ, భూపాలపల్లిలో 2023లో మొదలయ్యాయి. మూడు చోట్లా పిల్లలు రాసేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పెట్టే పరీక్షే. అదే వరంగల్‌లో 1959 నుంచీ ఉన్న కాకతీయ మెడికల్ కాలేజీ లాంటి పాత సంస్థలో చేరినవాళ్లకు పై క్లాసు సీనియర్లు ఉంటారు. వాళ్ల నోట్సు జిరాక్సు దుకాణంలో దొరుకుతుంది. కొత్త కాలేజీలో మొదటి బ్యాచికి పై క్లాసే లేదు. తమ నోట్సు తామే తయారుచేసుకోవాల్సి వచ్చింది.

ఇది లోటని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. ప్రతి పాఠానికీ ఒకే పేజీ తయారుచేసుకునే పద్ధతిలో ఫలితమంతా ఆ పేజీని ఎవరు, ఎలా తయారుచేశారన్న దాని మీదే ఉంటుంది. ఒకరు చేసిన పేజీని ఇంకొకరు జిరాక్సు తీసుకుంటే చేతికి కాగితం వస్తుంది, జ్ఞాపకం రాదు. ఎందుకో చెప్పడానికి ఒక పాఠాన్ని మొదటి నుంచి చివరి దాకా పేజీగా మార్చి చూపిస్తాను.

కుదించడం వేరు, గుర్తుచేసుకోవడం వేరు

2013లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ డన్‌లోస్కీ, మరో నలుగురు కలిసి విద్యార్థులు వాడే పది చదువు పద్ధతుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల ఎడంతో పంచుకోవడం అనే రెండు పద్ధతులకే వాళ్లు పై వరుస ఇచ్చారు. రంగు పెన్నుతో గీతలు గీయడం అడుగు వరుసలోకి పోయింది. సారాంశం రాయడం కూడా అదే వరుసలో చేరింది. బాగా రాయడం నేర్చినవాళ్లకు సారాంశం ఉపయోగపడవచ్చు గానీ, చాలామంది విద్యార్థులకు అందులో ముందు శిక్షణ కావాలని వాళ్ల సమీక్ష తేల్చింది.

అంటే స్లైడ్లు ముందు పెట్టుకుని చిన్న అక్షరాలతో ఒక పేజీలోకి దించేస్తే ఫలితం దాదాపు ఉండదు. కన్ను చూస్తుంది, చేయి రాస్తుంది, మధ్యలో బుర్రకు పని పడదు.

మరి ఏ పని పడాలి? హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం దీనికి జవాబు చెబుతుంది. కాలేజీ విద్యార్థులకు ఒక చిన్న వ్యాసం ఇచ్చి చదివించారు. తర్వాత కొందరు దాన్నే మళ్లీ చదివారు. మిగతావాళ్లు చూడకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాలకు పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 81 శాతం, రాసినవాళ్లకు 75 శాతం గుర్తున్నాయి. వారం తర్వాత లెక్క తిరగబడింది. మళ్లీ చదివినవాళ్లకు మిగిలింది 42 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం.

ఈ రెండు అంకెల జతల్లోనే పరీక్ష ముందు రాత్రి మనల్ని మోసం చేసే సంగతి ఉంది. మళ్లీ చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఆ క్షణానికి అది నిజం కూడా. కానీ నిలవదు. అందుకే ఒక పేజీ పద్ధతిలో మొదటి నియమం ఇది: పేజీ మొదటి రూపం పుస్తకం మూసి రాయాలి. స్లైడ్లు చూసి దిద్దేది ఆ తర్వాతే.

పాఠం ముందు పెట్టుకుని

మహబూబాబాద్‌లో చదివే మొదటి సంవత్సరం అమ్మాయి ఒకరిని ఊహించుకుందాం. ఆమె ముందున్న పాఠం రక్తంలో ఆక్సిజన్ రవాణా. జాతీయ వైద్య పాఠ్యప్రణాళికలో దీనికి PY6.3 అనే నంబరు ఉంది. ఆమె దగ్గర మూడు లెక్చర్లవి కలిపి 140 స్లైడ్లు, పదకొండు పేజీల చేతిరాత నోట్సు, తొమ్మిది బోర్డు ఫోటోలు ఉన్నాయనుకుందాం.

ముందు ఈ మూడింటి స్వభావం తెలుసుకోవాలి. స్లైడ్లో ఉండేది సమాచారం: నిర్వచనాలు, అంకెలు, పట్టికలు. అక్కడ ‘ఎందుకు’ అన్నది దాదాపు ఉండదు, ఎందుకంటే దాన్ని మాస్టారు నోటితో చెబుతారు. నోటితో చెప్పింది చేరేది చేతిరాత నోట్సులోకి. పక్క అంచులో బాణం గుర్తు వేసి ‘కండరం దగ్గర పట్టు సడలాలి, లేకపోతే లాభం లేదు’ అని తెలుగులో గిలికిన ఆ ఒక్క వాక్యం పది స్లైడ్ల పెట్టు. ఇక బోర్డు ఫోటోలో బొమ్మ ఉంటుంది. అందులోనూ ముఖ్యమైనది ఏ గీత తర్వాత ఏ గీత వేశారన్న వరుస. కాబట్టి స్లైడ్ల నుంచి అంకెలు, నోట్సు నుంచి కారణాలు, ఫోటోల నుంచి బొమ్మ తీసుకోవాలి. ఈ పంపకం తెలియకపోతే మూడింటిలోంచీ అన్నీ తీయబోయి పేజీ పన్నెండు పేజీలవుతుంది.

తర్వాత అరగంటలో ఒక్కసారి అన్నింటినీ తిరగేసి వరుసలో పెట్టాలి. నోట్సు పేజీలకు నంబర్లు వేయాలి. ఏ లెక్చరుకు ఏ ఫోటో చెందుతుందో గుర్తు పెట్టాలి. నిన్నటి పాఠాన్ని గుర్తుచేయడానికి మళ్లీ పెట్టిన స్లైడ్లు, శాస్త్రవేత్తల ఫోటోలు, వేరే పుస్తకం నుంచి తీసిన అదే బొమ్మ, ఇవన్నీ పక్కకు పోతాయి. ఇంతవరకు కలం పట్టకూడదు.

ఇప్పుడు అన్నీ మూసేసి, ఒక చిత్తు కాగితం తీసుకుని, పదిహేను నిమిషాలు గుర్తున్నంత నీలి సిరాతో రాయాలి. బొమ్మ గుర్తుంటే గీయాలి. అంకె సరిగ్గా గుర్తు లేకపోతే ఉజ్జాయింపుగా రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. మొదటిసారి సగం కూడా రాదు. రాకపోవడమే ఇక్కడ పనికొచ్చే సమాచారం, ఎందుకంటే పేజీలో చోటు దక్కాల్సింది వేటికో అది చెబుతుంది.

ఆ తర్వాత స్లైడ్లు, నోట్సు తెరిచి ఎర్ర సిరాతో దిద్దాలి. వదిలేసినవి కలపాలి, తప్పు రాసినవి కొట్టేసి పైన సరైనది రాయాలి. చివర్లో ఎర్రగా ఉన్న చోట్లన్నీ ఆమెకు రానివి. నీలంగా మిగిలినవి ఇప్పటికే వచ్చినవి. ఎవరో చేసిన జిరాక్సు పేజీలో ఈ రెండు రంగుల తేడా ఉండదు. ఆ పేజీ రాసినవాళ్లకు రానివేవో అందులో ఉంటాయి, మనకు రానివి ఉండవు.

మూడు మూలాలు మూడు మాటలు చెబితే

దిద్దేటప్పుడు ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. స్లైడ్లో ఒకటి, నోట్సులో ఇంకొకటి, పుస్తకంలో మరొకటి ఉంటుంది. ఈ పాఠంలో అందరికీ ఎదురయ్యే ఉదాహరణ ఒక గ్రాము హిమోగ్లోబిన్ పట్టే ఆక్సిజన్. ఒక చోట 1.34 మిల్లీలీటర్లు అని, ఇంకో చోట 1.39 అని ఉంటుంది. రెండూ తప్పు కావు. హిమోగ్లోబిన్ అణుభారాన్ని బట్టి లెక్కగడితే 1.39 వస్తుంది. నిజమైన రక్తంలో కొద్దిపాటి హిమోగ్లోబిన్ ఆక్సిజన్ పట్టలేని రూపాల్లో ఉంటుంది గనుక కొలిస్తే తక్కువ వస్తుంది. పేజీలో ఒక్కటే రాయాలి. లెక్కల్లో వాడేది 1.34 గనుక అదే ఉంచుకుని, రెండోది ఎందుకు వచ్చిందో మూలన ఒక్క మాటతో రాసుకుంటే చాలు.

రెండో రకం చిక్కు ఇంకా ప్రమాదం. అది చేతిరాత నోట్సులో దాగి ఉంటుంది. ‘ఆక్సిజన్ గీత కుడికి జరిగితే హిమోగ్లోబిన్ పట్టు పెరుగుతుంది’ అని ఆమె క్లాసులో తొందరలో రాసుకుందనుకోండి. నిజానికి తగ్గుతుంది. ఇలాంటి తలకిందుల తప్పును పట్టుకోవడానికి పుస్తకం కూడా అక్కర్లేదు. ఒక సందర్భంలో పెట్టి చూస్తే చాలు. పరుగెత్తే మనిషి కండరం వేడిగా ఉంటుంది, అక్కడ కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, ఆమ్లత్వం పెరుగుతుంది. ఆ కండరానికి కావలసింది ఆక్సిజన్. అక్కడికి వచ్చిన హిమోగ్లోబిన్ పట్టు బిగిస్తే ఆ మనిషి పరుగెత్తలేడు. కాబట్టి అక్కడ పట్టు సడలాలి, ఆ జరుగుడు పేరే కుడి జరుగుడు. కార్బన్ డయాక్సైడ్ ఈ పట్టును సడలిస్తుందని 1904లో క్రిస్టియన్ బోర్, హాసెల్‌బాల్క్, క్రో కలిసి చూపించారు. పాఠంలో బోర్ ప్రభావం అని ఉండేది ఇదే.

ఈ తప్పు పేజీలోకి చేరితే ఇక అంతే. పేజీని పదిసార్లు వాడతారు, పదిసార్లూ తప్పే గట్టిపడుతుంది. అందుకే సిద్ధం చేసిన పేజీలో ప్రతి వాక్యాన్నీ ఒక్కసారైనా ముద్రిత పాఠ్యపుస్తకంతో సరిచూడాలి. సరిచూసినదానికి పక్కన చిన్న టిక్కు పెట్టాలి. టిక్కు లేని వాక్యం పరీక్షకు వెళ్లకూడదు.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

ఎర్ర సిరా దిద్దుబాట్లతో చిత్తు కాగితం మూడు నాలుగు పేజీలవుతుంది. దాన్ని ఒకటిగా చేయడానికి చాలామంది అక్షరాల సైజు తగ్గిస్తారు. అది కుదింపు కాదు. కాగితం లెక్క చూడండి. ఏ4 పేజీ ఎత్తు 297 మిల్లీమీటర్లు. పైన కింద అంచులు పోగా, 8 మిల్లీమీటర్ల ఎడంతో రాస్తే సుమారు 32 పంక్తులు వస్తాయి. పంక్తికి ఎనిమిది మాటలైతే 256 మాటలు. బొమ్మకు మూడో వంతు చోటు పోతే మిగిలేది 170 మాటలు. మూడు లెక్చర్లకు ఇదే బడ్జెట్టు. బడ్జెట్టు ముందే తెలిస్తే ఏది కొనాలో ఆలోచిస్తాం.

ఆ ఆలోచనకు ఒకే ఒక ప్రశ్న చాలు: దీన్ని పేజీలో ఇంకోదాని నుంచి రాబట్టగలనా? రాబట్టగలిగితే తీసేయాలి. రాబట్టలేకపోతే ఉంచాలి.

ఆక్సిజన్ పాఠంలో ఈ జల్లెడ అద్భుతంగా పనిచేస్తుంది. పాఠం మొత్తానికి ప్రాణం ఒకే బొమ్మలో ఉంది. అడ్డంగా ఆక్సిజన్ పాక్షిక పీడనం, నిలువుగా హిమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో చూపే గీత. అది ఇంగ్లీషు ఎస్ అక్షరంలా కింద వాలుగా మొదలై, మధ్యలో నిటారుగా ఎక్కి, పైన చదునుగా పరచుకుంటుంది. ఆ గీత మీద నాలుగు చుక్కలు ఉంచుకోవాలి. పీడనం 100 మిల్లీమీటర్లయితే 97 శాతం, 60 అయితే 90, 40 అయితే 75, 27 అయితే 50. ఈ నాలుగూ కొలతలు, వీటిని ఆలోచించి రాబట్టలేం, కాబట్టి ఉంచాలి.

స్లైడ్లలో రెండు పేజీలు తిన్న ‘చదునైన భాగం ప్రాధాన్యం’, ‘నిటారు భాగం ప్రాధాన్యం’ ఈ చుక్కల్లోంచే వస్తాయి. పీడనం 100 నుంచి 60కి పడిపోయినా నిండుదనం 97 నుంచి 90కే తగ్గింది, అంటే ఊపిరితిత్తుల్లో కాస్త లోపం వచ్చినా రక్తం దాదాపు నిండే వస్తుంది. 60 నుంచి 27కి పడితే మాత్రం 90 నుంచి 50కి దిగజారింది, అంటే కణజాలం దగ్గర కొద్దిపాటి తగ్గుదలకే చాలా ఆక్సిజన్ దిగుతుంది. ఈ వాక్యాలు పేజీలో అక్కర్లేదు. చుక్కలుంటే చాలు.

కుడికి జరిపే కారణాల పట్టికలో కార్బన్ డయాక్సైడ్, ఆమ్లత్వం, వేడి, 2,3-బీపీజీ అని నాలుగు ఉంటాయి. మొదటి మూడూ ‘పరుగెత్తే కండరం’ అన్న రెండు మాటల్లో ఇమిడిపోతాయి. నాలుగోది ఎర్రరక్తకణం తనలో తాను తయారుచేసుకునే పదార్థం, అది కండరం బొమ్మలోంచి రాదు, కాబట్టి దాని పేరు విడిగా రాయాలి. ఎడమకు జరిపేవి దీనికి తిరగేసినవి కావడంతో రాయనక్కర్లేదు. గర్భంలోని శిశువు హిమోగ్లోబిన్ కూడా ఎడమ వైపే ఉంటుంది. తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ లాక్కోవాలంటే శిశువుకే పట్టు ఎక్కువ ఉండాలి కదా. ఇది కూడా ఆలోచిస్తే వస్తుంది. ఒక్క కార్బన్ మోనాక్సైడే ఇలా రాదు. దానికి పేజీలో సొంత చోటు కావాలి.

ఇక లెక్క ఒకటే సూత్రం:

```
O2 (mL/dL) = 1.34 × Hb × SaO2 + 0.003 × PaO2
```

హిమోగ్లోబిన్ 15 గ్రాములు, నిండుదనం 97 శాతం, పీడనం 100 అయితే హిమోగ్లోబిన్ మోసేది 19.5, ద్రవంలో కరిగినది 0.3. మొత్తం 100 మిల్లీలీటర్ల రక్తంలో 19.8 మిల్లీలీటర్లు. తిరిగి వచ్చే సిరల రక్తంలో నిండుదనం 75 శాతం, పీడనం 40 పెడితే 15.2 వస్తుంది. తేడా 4.6. పుస్తకాలు దీన్ని గుండ్రంగా 5 అంటాయి. గుండె నిమిషానికి 5 లీటర్లు, అంటే వంద మిల్లీలీటర్ల లెక్కన 50 వంతులు పంపుతుంది కాబట్టి శరీరం విశ్రాంతిలో వాడేది నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్లు. స్లైడ్లలో నాలుగు చోట్ల విడివిడిగా కనిపించే అంకెలన్నీ ఇలా ఒకే దారంలో గుచ్చుకుంటాయి. పేజీలో సూత్రం మాత్రం ఉంటుంది, లెక్క చేయి చేస్తుంది.

పేజీ ఎలా కనిపిస్తుంది

చివరి పేజీని ఒకవైపే రాయాలి. పై అంచులో పాఠం పేరు, నంబరు, తేదీ. మధ్యలో గీత, నాలుగు చుక్కలు, కుడికి ఒక బాణం, ఎడమకు ఒక బాణం. గీత కింద సూత్రం. ఎడమవైపు మూడో వంతులో ప్రశ్నలు, కుడివైపు వాటి జవాబులు రెండు మూడు మాటల్లో. కుడి భాగాన్ని వెనక్కి మడిస్తే జవాబులు కనబడకుండా పోవాలి. ప్రశ్నలను అంచులో పెట్టి జవాబును కప్పి చదివే ఈ అమరిక కోర్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ ప్రచారం చేసిన నోట్సు పద్ధతికి దగ్గరి చుట్టం. అడుగున నాలుగు పంక్తులు ‘నా తప్పులు’ కోసం ఖాళీగా వదలాలి.

ఈ పాఠానికి ప్రశ్నలు ఇవి:

- 100 మిల్లీలీటర్ల ధమని రక్తంలో ఆక్సిజన్ ఎంత? లెక్కగట్టు.
- గీత ఎస్ ఆకారంలో ఎందుకుంది?
- పైభాగం చదునుగా ఉండడం ఎవరికి మేలు? మధ్య భాగం నిటారుగా ఉండడం ఎవరికి?
- పరుగెత్తే కండరం దగ్గర గీత ఎటు జరుగుతుంది?
- శిశువు గీత తల్లి గీతకు ఎటు వైపు?
- రక్తహీనతలో పీడనం, నిండుదనం, మొత్తం ఆక్సిజన్: ఏది తగ్గుతుంది?
- సగం హిమోగ్లోబిన్‌ను కార్బన్ మోనాక్సైడ్ ఆక్రమిస్తే, అది సగం రక్తహీనతతో సమానమా?

చివరి రెండు ప్రశ్నలు 140 స్లైడ్లలో ఎక్కడా ఒకచోట కనబడవు. రక్తహీనత ఒక లెక్చర్లో, కార్బన్ మోనాక్సైడ్ ఇంకో లెక్చర్లో వస్తాయి. ఒకే పేజీ మీద పక్కపక్కన చేరినప్పుడే వాటి మధ్య తేడా ఏమిటన్న ఆలోచన పుడుతుంది. ఒక పేజీ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే.

హిమోగ్లోబిన్ 7 గ్రాములకు పడిపోయిన స్త్రీని తీసుకోండి. ఊపిరితిత్తులు బాగున్నాయి, కాబట్టి పీడనం 100. ఉన్న హిమోగ్లోబిన్ నిండుగానే ఉంది, కాబట్టి నిండుదనం 97. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు మామూలు అంకే చూపిస్తుంది. సూత్రంలో 15 బదులు 7 పెడితే మాత్రం మొత్తం ఆక్సిజన్ 9.4కు పడిపోయింది, అంటే సగానికి తక్కువ.

ఇక చివరి ప్రశ్న. భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనులున్న ఊరు. భూగర్భంలో బొగ్గు తనంతట తాను వేడెక్కితే పుట్టే వాయువుల్లో కార్బన్ మోనాక్సైడ్ ఒకటి. అందుకే గనుల్లో దాన్ని కొలుస్తూ ఉంటారు. అది హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. సగం హిమోగ్లోబిన్‌ను అది ఆక్రమించిందనుకుందాం. మొత్తం ఆక్సిజన్ సగమైంది, ఇంతవరకు రక్తహీనతతో సమానమే. కానీ మిగిలిన సగం హిమోగ్లోబిన్‌కు పట్టు బిగుస్తుంది, గీత ఎడమకు జరుగుతుంది. అంటే ఉన్న ఆక్సిజన్‌ను కూడా కణజాలం దగ్గర వదలదు. అందుకే హిమోగ్లోబిన్ సగానికి తగ్గిన రోగి నడుచుకుంటూ ఆసుపత్రికి రావచ్చు గానీ, సగం హిమోగ్లోబిన్‌ను కార్బన్ మోనాక్సైడ్‌కు పోగొట్టుకున్న మనిషి ప్రాణాపాయంలో ఉంటాడు. పైగా మామూలు పల్స్ ఆక్సీమీటరు రెండు రకాల హిమోగ్లోబిన్‌కూ తేడా తెలియక మంచి అంకెనే చూపిస్తుంది. గీత మీద ఎడమ బాణం పక్కన ‘సీఓ: తక్కువ మోస్తుంది, వదలదు కూడా’ అని రాస్తే ఇదంతా ఆ నాలుగు మాటల్లో ఉంటుంది.

పేజీని వాడే తీరు

పేజీ పూర్తయ్యాక దాన్ని చదవకూడదు. మర్నాడు పొద్దున్న ఖాళీ కాగితం మీద గీతను, నాలుగు చుక్కలను చూడకుండా గీయాలి. కుడి భాగం మడిచి ప్రశ్నలకు జవాబులు రాయాలి లేదా గదిలోని స్నేహితురాలికి తెలుగులో చెప్పాలి. తెలుగులో చెప్పలేకపోతే ఇంగ్లీషు వాక్యం బట్టీ వచ్చిందే తప్ప అర్థం కాలేదని తేలిపోతుంది. ఆ తర్వాతే పేజీ విప్పి సరిచూసుకోవాలి. తప్పయినవి అడుగున ‘నా తప్పులు’లోకి వెళ్లాలి. మళ్లీ ఎప్పుడు చూడాలన్నది పరీక్ష ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. నికోలస్ సెపెడా బృందం 2008లో ప్రచురించిన పెద్ద ప్రయోగంలో, వారం తర్వాత పరీక్షకు ఒకటి రెండు రోజుల ఎడం బాగా పనిచేసింది. దాదాపు ఏడాది తర్వాత పరీక్షకు మూడు వారాల ఎడం మేలని తేలింది. కాబట్టి మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, తర్వాత మూడు వారాలకు ఒకసారి అన్నది సంవత్సరాంతపు పరీక్షకు సరిపోయే నడక. పాఠం అయిన వారంలోనే పేజీ చేస్తేనే ఇది కుదురుతుంది. పరీక్షకు పది రోజుల ముందు మొదలుపెట్టినవాళ్లకు మూడు వారాల ఎడం ఇక దొరకదు.

ఎక్కడ పనిచేయదు

ప్రతి అధ్యాయమూ ఒక పేజీకి లొంగదు. ఆక్సిజన్ రవాణాకు ఒక గీత వెన్నెముకలా దొరికింది. అనాటమీలో భుజం దగ్గరి నాడుల వల, అంటే బ్రేకియల్ ప్లెక్సస్, ఒక పేజీ బొమ్మకు సరిపోతుంది గానీ, చేయి మొత్తం సరిపోదు. అక్కడ ఒకదాని నుంచి ఇంకోదాన్ని రాబట్టే మార్గం తక్కువ. పేరు తర్వాత పేరు గుర్తుండాలి. వెన్నెముకగా ఒక బొమ్మో, సూత్రమో, దారో దొరకని అధ్యాయాన్ని రెండుగా విడగొట్టడమే దారి.

ఒక పేజీ అర్థం కాని పాఠాన్ని అర్థం చేయించదు. పేజీ మీద ‘ఎస్ ఆకారం: ఒకటి పట్టుకుంటే మిగతావి తేలిక’ అని రాసుకున్నా, హిమోగ్లోబిన్‌లో నాలుగు భాగాలుంటాయని, మొదటి ఆక్సిజన్ అంటుకోగానే మిగతా భాగాల ఆకారం మారుతుందని ముందు పుస్తకంలో చదివి ఉండాలి. పెద్ద ప్రశ్నకు పది మార్కుల జవాబు పేరాలుగా రాయడం కూడా పేజీ నేర్పదు. దానికి గడియారం పెట్టుకుని రాసి చూసుకోవాల్సిందే.

పేజీ పనిచేస్తున్నదో లేదో తెలుసుకునే గుర్తు ఒకటే. వాడిన కొద్దీ దాని అవసరం తగ్గుతూ ఉండాలి. మొదటి వారం ఏడు ప్రశ్నలూ చూడాలి. మూడో వారానికి ‘నా తప్పులు’ నాలుగు పంక్తులు మాత్రమే చూస్తే సరిపోవాలి. అలా తగ్గకపోతే ఆ అమ్మాయి పేజీని చదువుతున్నదే గానీ దాన్ని మూసి రాయడం లేదని అర్థం. తగ్గుతూ వస్తే, పరీక్ష రోజు ప్రశ్నపత్రం అందుకున్నాక ఆమె జవాబు పుస్తకం మొదటి పేజీ మూలన పెన్సిలుతో రెండు అక్షాలు, ఒక ఎస్ గీత, నాలుగు చుక్కలు, రెండు బాణాలు వేసుకుంటుంది. అరనిమిషం పని. మూడు లెక్చర్లలో చెప్పిందంతా అక్కడి నుంచే రాసుకుంటూ పోవచ్చు.